ఏప్రిల్ ఏడా, జూలై నాలుగా? తేదీలు రకరకాలుగా రాసి ఉన్న దరఖాస్తుల్లో వయసు, గడువు తేల్చే పద్ధతి

ఒక స్కాలర్‌షిప్ ట్రస్టుకు వచ్చే దరఖాస్తుల పరిశీలన కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. 2025లో మా నిబంధన ఇది: జూలై 1 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి, 21 ఏళ్లు నిండి ఉండకూడదు. దరఖాస్తు ఆగస్టు 31 లోగా అందాలి. జాబితా ప్రకటించాక సెప్టెంబరులో ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, నాకు వయసు దాటిపోయిందని మెసేజ్ వచ్చింది. జూలై ఒకటి నాటికి నాకు ఇంకా మూడు రోజులు తక్కువ సార్."

"నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?"

"జూలై నాలుగు సార్. 2004."

మా షీటులో ఆమె పుట్టినతేదీ 07-04-2004 అని ఉంది. అంటే ఏప్రిల్ 7. ఆమె చేత్తో నింపిన ఫారం తీసి చూస్తే శుభ్రంగా 4-7-2004 అని ఉంది. ఫారంలో తప్పు లేదు, నిబంధనలో తప్పు లేదు, కూడికలోనూ తప్పు లేదు. తేదీ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లే దారిలో తిరగబడింది.

ఎలాగంటే, ఆ జిల్లా ఫారాలను కంప్యూటర్‌లో ఎక్కించింది టెక్సాస్‌లో ఉంటున్న మన తెలుగు వాలంటీరు. ఆయన జూలై 4 అనే సరిగ్గా కొట్టారు. ఆయన కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి ఉంది కాబట్టి అది 7/4/2004 అని కనపడింది, నెల ముందు, రోజు తర్వాత. ఆ షీటును సీఎస్‌వీ ఫైలుగా దాచినప్పుడు తెరమీద కనపడిన అక్షరాలే ఫైల్లోకి వెళ్లాయి. ఆ ఫైలును నేను ఇక్కడ డబుల్ క్లిక్ చేసి తెరిచాను. నా కంప్యూటర్‌లో మన పద్ధతి, రోజు ముందు. అది 7/4/2004ను ఏప్రిల్ 7 అని చదివేసింది, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా. ఆ అమ్మాయికి స్కాలర్‌షిప్ ఇచ్చాం. కానీ ఫోన్ చేయనివాళ్ల సంగతేమిటన్నది నన్ను వదల్లేదు. అప్పటినుంచి పని చేసే వరుసే మార్చేశాను. ఆ వరుసే ఇక్కడ చెబుతున్నాను. నేను ఎక్సెల్‌లో చేస్తాను కాబట్టి ఉదాహరణలన్నీ అందులోవే.

ఫైలు తెరవక ముందే

వచ్చిన ఫైలును వచ్చినట్టే ఒక ఫోల్డరులో పెట్టి, దాని మీద చేయి వేయకండి. పనంతా నకలు మీదే. సీఎస్‌వీ అయితే డబుల్ క్లిక్ చేయొద్దు. ఎక్సెల్ తేదీని రోజు, నెల, సంవత్సరంగా దాచదు, ఒక వరుస సంఖ్యగా దాచుతుంది. 1900 జనవరి 1 అంటే 1, అక్కడినుంచి రోజుకొకటి చొప్పున లెక్క. డబుల్ క్లిక్ చేసిన క్షణంలో అక్షరాలు ఆ సంఖ్యగా మారిపోతాయి. ఒకసారి మారాక అసలు ఫైల్లో ఏం రాసి ఉందో ఆ షీటులో ఇక కనపడదు.

దానికి బదులు ఖాళీ షీటు తెరిచి `Data` మెనూలో `From Text/CSV` ఎంచుకోండి. ఫైలు చూపించగానే వచ్చే కిటికీలో `Data Type Detection` అనే చోట `Do not detect data types` పెట్టండి. అప్పుడు ప్రతి గడీ అక్షరాలుగానే వస్తుంది. తేదీలన్నీ ఎడమ అంచుకు ఆనుకుని ఉంటాయి. మనకు మొదట కావలసింది అదే.

ఏ ఫైలు ఏ పద్ధతిలో ఉందో సాక్ష్యంతో తేల్చడం

ఇక్కడ ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోవాలి. తేదీ పద్ధతి వరుసకు చెందినది కాదు, ఫైలుకు చెందినది. "05/11/2006" అన్న ఒక్క వరుసను పట్టుకుని ఇది నవంబరా, మేనా అని ఎంతసేపు చూసినా తేలదు. అదే ఫైల్లో ఉన్న మిగతా వరుసలే జవాబు చెబుతాయి.

మాకు మూడు చోట్లనుంచి వివరాలు వస్తాయి. వెబ్‌సైటులో నింపినవి 2004-07-04 లాగా సంవత్సరంతో మొదలవుతాయి. ఇది ఐఎస్ఓ 8601 పద్ధతి, దీన్ని రెండు రకాలుగా చదివే వీలు లేదు. జిల్లా సమన్వయకర్తల షీట్లు మన అలవాటు ప్రకారం రోజుతో మొదలవుతాయి. కొందరు గీతలతో, కొందరు చుక్కలతో రాస్తారు. మూడోది టెక్సాస్ ఫైలు.

తేల్చే పద్ధతి తేలికే. తేదీని గీతల దగ్గర మూడు ముక్కలు చేయండి. `Text to Columns`లో గీతను విడదీసే గుర్తుగా ఇస్తే చాలు. మూడు ముక్కలూ మూడు నిలువు వరుసల్లోకి వచ్చాక, మొదటి ముక్కలో అన్నిటికంటే పెద్ద అంకె ఎంత, రెండో ముక్కలో ఎంత అని `MAX`తో చూడండి. మొదటిది 31 దాకా వెళ్లి, రెండోది 12 దగ్గర ఆగితే రోజు ముందు ఉన్నట్టు. తారుమారైతే నెల ముందు. రెండూ 12 దాటితే ఆ ఫైల్లో రెండు పద్ధతులూ కలిసిపోయాయి. అలాంటి ఫైలును ఎవరు ఎక్కించారో వాళ్లనే అడిగి, ఎవరు కొట్టిన వరుసలు ఎక్కడిదాకా ఉన్నాయో తెలుసుకుని విడదీయాలి తప్ప, ఊహించి ముందుకు పోకూడదు.

రెండూ 12 లోపే ఉంటే? ఏడాదిలో రోజు, నెల రెండూ 12 లోపు ఉండే తేదీలు 144. అందులో 1/1, 2/2 లాంటి పన్నెండింటిని తిప్పినా మారవు. మిగిలిన 132 తేదీలే రెండు అర్థాలు ఇచ్చేవి. ఏడాదిలో మూడో వంతు పైన. కాబట్టి పది, పదిహేను వరుసలున్న ఫైల్లో ఎక్కడో ఒకచోట 12 దాటిన అంకె దాదాపు తప్పక కనపడుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. పాత స్కూలు రికార్డుల్లో అసలు తేదీ తెలియక 1-6 అనో, 1-7 అనో, 1-1 అనో వేసిన పుట్టినతేదీలు మన దగ్గర ఎక్కువ. ఫైలంతా అలాంటివే ఉంటే అంకెలు సాక్ష్యం చెప్పవు. అప్పుడు ఆ ఫైల్లోని ఐదారుగురి పదో తరగతి సర్టిఫికెట్లు తీసి పక్కన పెట్టుకోవడమే మార్గం.

తేలిన సంగతిని షీటులోనే ఒక కొత్త నిలువు వరుసలో రాయండి. ప్రతి వరుస పక్కనా అది ఏ ఫైలునుంచి వచ్చిందో, ఆ ఫైలు పద్ధతేమిటో ఉండాలి. ఇది చేయకుండా మూడు ఫైళ్లూ ఒక్కచోట అతికిస్తే, ఆ తర్వాత ఎంత తెలివైనవాళ్లయినా వాటిని విడదీయలేరు.

ఫైలు ఇప్పటికే పాడైపోయి ఉంటే ఎలా తెలుస్తుంది

చాలాసార్లు మన చేతికి వచ్చేసరికే ఎవరో డబుల్ క్లిక్ చేసి, సేవ్ చేసి ఉంటారు. దానికీ ఒక గుర్తు ఉంది. తేదీల నిలువు వరుసను వెడల్పు చేసి చూడండి. కొన్ని కుడి అంచుకు, కొన్ని ఎడమ అంచుకు ఉంటే అనుమానించాల్సిందే. కుడి వైపువి ఎక్సెల్ తేదీగా చదివినవి, ఎడమ వైపువి చదవలేక అక్షరాలుగా వదిలేసినవి. జూలై 25కి అమెరికా రాత 7/25/2004. మన కంప్యూటర్ దాన్ని చదవబోతే 25వ నెల లేదు, అందుకని వదిలేస్తుంది. అదే 7/4/2004 అయితే సంతోషంగా చదివేస్తుంది, తప్పుగా. అంటే వదిలేసినవి క్షేమంగా ఉన్నాయి, చదివినవే పాడయ్యాయి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఎడమ వైపువాటిని "ఎర్రర్లు" అనుకుని చేత్తో దిద్ది, కుడి వైపువాటిని నమ్మేస్తారు. నేను మొదటిసారి చేసింది కూడా అదే.

నిర్ధారించుకోవడానికి పక్క నిలువు వరుసలో ఇది వేయండి:

```
=IF(ISNUMBER(A2),DAY(A2),"")
```

కిందికి లాగి, దాని `MAX` చూడండి. వందల కొద్దీ తేదీలుండి కూడా రోజు ఎక్కడా 12 దాటకపోతే ఇక సందేహం అక్కర్లేదు. ఏ నెలలోనూ 12వ తేదీ తర్వాత పిల్లలు పుట్టలేదంటే ఎవరు నమ్ముతారు?

అసలు సీఎస్‌వీ ఇంకా ఉంటే దాని దగ్గరికే వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. అది అన్నిటికంటే మంచి మందు. లేకపోతే, పై పరీక్షలో నిర్ధారణ అయిన ఫైలుకు మాత్రమే, కుడి వైపువాటి రోజునీ నెలనీ మార్చి వేయొచ్చు:

```
=DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2))
```

ఎడమ వైపువాటిని వడపోసి వేరే చోట అతికించి, `Text to Columns` మూడో మెట్టులో `Date: MDY` ఎంచుకుంటే సరిగ్గా చదువుతుంది.

అక్షరాలను తేదీగా మార్చడం

పాడవ్వని ఫైలుకు ఇంత శ్రమ లేదు. ఇందాకటి `From Text/CSV` కిటికీలో `Transform Data` నొక్కితే పవర్ క్వెరీ తెరుచుకుంటుంది. అందులో తేదీల నిలువు వరుస మీద కుడి క్లిక్ చేసి `Change Type`, అందులో `Using Locale` ఎంచుకోండి. టైపు `Date`, టెక్సాస్ ఫైలుకు `English (United States)`, జిల్లాల ఫైళ్లకు `English (India)`. చదవలేని గడిలో `Error` అని వస్తుంది. రావాలి కూడా. దాన్ని చూసి కంగారు పడకండి, ఆ వరుసలను ఒక్కొక్కటే చూడండి. జూన్ 31 లాంటి లేని తేదీలు రాసినవి అక్కడ బయటపడతాయి.

సూత్రాలతో మార్చే అలవాటున్నవాళ్లకు ఒక జాగ్రత్త. ఎక్సెల్‌లో `DATE` తప్పు తేదీ ఇస్తే తప్పని చెప్పదు, ముందుకు జరిపేస్తుంది. `DATE(2005,25,4)` అని ఇస్తే 25వ నెల లేదనదు. 2005 జనవరి నుంచి 25 నెలలు లెక్కపెట్టి 2007 జనవరి 4 అని ఇస్తుంది. జూన్ 31ని జూలై 1 చేస్తుంది. మన నిబంధన గీత కూడా సరిగ్గా జూలై 1 దగ్గరే ఉందని గమనించండి. అందుకే మార్చిన తేదీని మళ్లీ అక్షరాలుగా మార్చి, అసలుతో సరిపోల్చే ఒక నిలువు వరుస పెట్టుకోవాలి:

```
=TEXT(C2,"dd/mm/yyyy")=TRIM(B2)
```

ఇందులో B అసలు అక్షరాలు, C మార్చిన తేదీ. ఫైల్లో రోజు, నెల ఏ వరుసలో, ఏ గీతతో ఉన్నాయో సూత్రంలోనూ అలాగే రాయండి. టెక్సాస్ ఫైలుకైతే `mm/dd/yyyy`. `FALSE` వచ్చినవన్నీ కంటితో చూడాలి. 4/7/2004కీ 04/07/2004కీ తేడా వల్ల కొన్ని `FALSE` ఊరికే వస్తాయి. అవి ఒక్క చూపులో తెలిసిపోతాయి.

రెండంకెల సంవత్సరం గురించి ఒక్క మాట. ఎక్సెల్ మామూలుగా 00 నుంచి 29 దాకా 2000లు అనుకుంటుంది, 30 నుంచి 99 దాకా 1900లు. విద్యార్థుల విషయంలో ఇబ్బంది లేదు. వృద్ధుల పింఛన్ల జాబితాలో మాత్రం 1928లో పుట్టిన పెద్దాయన 2028లో పుడతాడు.

నిబంధనను వయసుగా కాదు, రెండు తేదీలుగా మార్చండి

మొత్తం పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది ఈ అడుగు గురించే. వయసు లెక్క కట్టొద్దు. నిబంధనను పుట్టినతేదీల హద్దులుగా మార్చి, తేదీని తేదీతో పోల్చండి.

మా నిబంధనలో 17 నిండాలంటే 2008 జూలై 1న గానీ అంతకు ముందు గానీ పుట్టి ఉండాలి. 21 నిండకూడదంటే 2004 జూలై 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ఇక షీటులో కావలసింది ఇంతే:

```
=AND(C2>=DATE(2004,7,2),C2<=DATE(2008,7,1))
```

వయసు లెక్క కడితే ఏమవుతుందో మన అమ్మాయి మీదే చూద్దాం. 2004 జూలై 4 నుంచి 2025 జూలై 1 దాకా 7,667 రోజులు. చాలామంది అలవాటుగా 365తో భాగిస్తారు. 21.005 వస్తుంది. 21 నిండినట్టే! తేదీ సరిగ్గా చదివినా ఆమె మళ్లీ బయటికే. మధ్యలో వచ్చిన ఐదు లీపు రోజులు ఆమె మీద పడ్డాయి. పోనీ 365.25తో భాగిద్దామంటే ఆమెకు న్యాయం జరుగుతుంది, కానీ ఇంకొకరికి అన్యాయం జరుగుతుంది. 2008 జూలై 1న పుట్టిన అబ్బాయికి 2025 జూలై 1కి 6,209 రోజులు. 365.25తో భాగిస్తే 16.999. పదిహేడో పుట్టినరోజు నాడే పదిహేడు నిండలేదంటుంది. వయసు అంకె తప్పనిసరిగా కావాలంటే `=DATEDIF(C2,DATE(2025,7,1),"Y")` వాడండి, అది పుట్టినరోజును బట్టి లెక్కిస్తుంది. అర్హత మాత్రం హద్దు తేదీలతోనే తేల్చండి.

హద్దు తేదీలు ముందే రాసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక వయసు ఏ రోజున నిండుతుంది అన్నది చట్టంలో అనుకున్నంత తేలిక కాదు. 1986లో రాజస్థాన్ సర్వీసు పరీక్షకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, పుట్టిన రోజును కూడా పూర్తి రోజుగా లెక్కలో వేసుకోవాలని, కాబట్టి పుట్టినరోజుకు ముందు రోజే ఆ వయసు నిండుతుందని చెప్పింది. 1956 జనవరి 2న పుట్టిన అభ్యర్థికి 1984 జనవరి 1 నాటికే 28 నిండినట్టు లెక్క తేల్చింది. యూపీఎస్‌సీ 2024 సివిల్స్ ప్రకటన చూడండి. ఆగస్టు 1 నాటికి 21 నిండాలి, 32 నిండకూడదు అని ఊరుకోలేదు. 1992 ఆగస్టు 2 కంటే ముందు, 2003 ఆగస్టు 1 తర్వాత పుట్టి ఉండకూడదని తేదీలు కూడా ఇచ్చింది. కోర్టు లెక్క ప్రకారం ఆగస్టు 2న పుట్టినవాళ్లకు ఆగస్టు 1కే 32 నిండుతుందని ఎవరైనా వాదించవచ్చు. ప్రకటనలోనే తేదీలు ఉన్నాయి కాబట్టి ఆ పేచీకి తావు లేదు. మీ ప్రకటన మీరే రాసేవాళ్లయితే వయసు పక్కన తప్పక ఈ రెండు తేదీలూ రాయండి. ఇంకొకరి ప్రకటనను అమలుచేసేవాళ్లయితే, అందులో తేదీలు లేకపోతే, పని మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. "21 మించరాదు" లాంటి మాట ఉంటే మరీ ముఖ్యం. 21 ఏళ్ల 3 నెలల వయసున్నవాడు మించినట్టా, కాదా అన్నది ఒక్కో ఆఫీసు ఒక్కోలా చెబుతుంది.

ఎవరి వరుసలు నిజంగా చూడాలి

నాలుగైదు వందల దరఖాస్తుల్లో ప్రతి తేదీనీ సర్టిఫికెట్‌తో పోల్చే తీరిక ఎవరికీ ఉండదు. ఆ అవసరం కూడా లేదు. రోజు, నెల తారుమారైనా సంవత్సరం మారదు కదా! కాబట్టి 2005, 2006, 2007లో పుట్టినవాళ్ల తేదీ ఎలా చదివినా అర్హులే. 2003 అంతకు ముందువాళ్లు, 2009 ఆ తర్వాతవాళ్లు ఎలా చదివినా కారు. తారుమారు వల్ల జీవితం మారేది 2004లో, 2008లో పుట్టినవాళ్లకే. వాళ్లలోనూ రెండు రకాలుగా చదివితే గీతకు చెరో వైపు పడేవాళ్లకే.

అది కనిపెట్టడానికి పక్కన ఇంకో నిలువు వరుసలో తిప్పిన తేదీ పెట్టండి. రోజు 12 దాటితే తిప్పే పని లేదు:

```
=IF(DAY(C2)<=12,DATE(YEAR(C2),DAY(C2),MONTH(C2)),C2)
```

దీనికీ అదే హద్దుల పరీక్ష పెట్టి, రెండు ఫలితాలూ వేరువేరుగా వచ్చిన వరుసలు వడపోయండి. ఏప్రిల్ 7, 2004 అయితే వయసు దాటింది, జూలై 4 అయితే దాటలేదు. జూన్ 8, 2008 అయితే 17 నిండింది, ఆగస్టు 6 అయితే నిండలేదు. ఇలాంటివి సాధారణంగా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. వాటికి మాత్రం అసలు కాగితం తీయాలి.

కాగితమంటే ఏ కాగితం? మా దగ్గర పదో తరగతి సర్టిఫికెటే ప్రమాణం. చాలా సర్టిఫికెట్లలో పుట్టినతేదీ అంకెలతో పాటు అక్షరాల్లోనూ ఉంటుంది. "ఫోర్త్ జూలై టూ థౌజండ్ ఫోర్" అన్నదాన్ని ఏ కంప్యూటరూ తిప్పలేదు. ఆధార్ మీద ఆధారపడకండి. పాత కార్డుల్లో కొన్నింటి మీద పుట్టిన సంవత్సరం తప్ప తేదీయే లేదు, కొందరి తేదీ వాళ్లు చెప్పింది రాసుకున్నదే. పుట్టినతేదీకి రుజువుగా చూపే పత్రాల జాబితానుంచి ఈపీఎఫ్ఓ 2024 జనవరిలో ఆధార్‌ను తీసేసింది కూడా. అమెరికాలో పుట్టి ఇక్కడ చదువుతున్న పిల్లల బర్త్ సర్టిఫికెట్ మీద నెల ముందు ఉంటుందన్నది గుర్తుపెట్టుకోండి. అక్కడ నెల పేరు అక్షరాల్లో ఉంటే సరే, లేకపోతే పాస్‌పోర్టు చూడండి. మన పాస్‌పోర్టులో రోజు ముందు, అమెరికా పాస్‌పోర్టులో నెల అక్షరాల్లో ఉంటుంది.

రెండు రికార్డుల్లో తేదీలు వేరుగా ఉంటే ముందు ఒకటి చూడాలి. ఒకదానిని తిప్పితే రెండోది వస్తుందా? వస్తే అది రాత పద్ధతిలో వచ్చిన తేడా, దిద్ది పక్కన కారణం రాస్తే సరిపోతుంది. తిప్పినా రాకపోతే, అంటే ఒకదాంట్లో 2004, ఇంకోదాంట్లో 2005 లాగా ఉంటే, అది మనం దిద్దే తప్పు కాదు. విద్యార్థినే అడగాలి, కమిటీ ముందు పెట్టాలి.

ఫోన్ చేసి అడిగేటప్పుడు "నీ తేదీ నాలుగు ఏడే కదా" అనకండి, అవతలివాళ్లు ఊఁ అనేస్తారు. "నెల పేరుతో చెప్పమ్మా" అనండి.

గడువు: రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది

గడువు దగ్గర తేదీ పద్ధతి కంటే గడియారమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మా వెబ్‌సైటు దరఖాస్తు అందిన సమయాన్ని `2025-08-31T18:45:00Z` అని నమోదు చేస్తుంది. చివరి `Z` అంటే యూటీసీ, ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకున్న సమయం. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. కాబట్టి ఇది చూడ్డానికి ఆగస్టు 31 సాయంత్రంలా ఉన్నా, మనకు సెప్టెంబరు 1 అర్ధరాత్రి దాటి పావుగంట. ఆలస్యం. తేదీ భాగం మాత్రమే చూసినవాళ్లు దీన్ని లోపలికి తీసుకుంటారు. D2లో ఉన్న ఆ సమయాన్ని మన లెక్కకు తెచ్చే సూత్రం ఇది, దీన్ని E2లో వేయండి:

```
=DATEVALUE(LEFT(D2,10))+TIMEVALUE(MID(D2,12,8))+TIME(5,30,0)
```

ఇది వేసే ముందు ఆ ఫైలులో సమయం నిజంగా యూటీసీలోనే ఉందా అని చూసుకోండి. కొన్ని ఫారాలు మన సమయంలోనే నమోదు చేస్తాయి. వాటికి ఐదున్నర గంటలు కలిపితే ఆగస్టు 31 రాత్రి ఏడింటికి పంపినవాళ్లు కూడా ఆలస్యం అయిపోతారు. మీరే ఒక పరీక్ష దరఖాస్తు పంపి, గోడ గడియారంతో పోల్చడమే సులువైన దారి.

రెండో పొరపాటు పోలికలో ఉంది. సమయంతో కూడిన గడిని `<=DATE(2025,8,31)` తో పోలిస్తే, ఆగస్టు 31న వచ్చినవన్నీ బయటికి పోతాయి. ఎందుకంటే ఎక్సెల్‌కు `DATE(2025,8,31)` అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి క్షణం. పొద్దున ఎనిమిదింటికి వచ్చిన దరఖాస్తు దానికంటే పెద్ద సంఖ్య. ఇక చివరి రోజునే అందరికంటే ఎక్కువమంది పంపుతారని మీకు తెలిసిందే. కాబట్టి మరుసటి రోజుకంటే తక్కువా అని అడగండి:

```
=E2<DATE(2025,9,1)
```

విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా పంపుతుంటే ప్రకటనలోనే "భారత కాలమానం ప్రకారం ఆగస్టు 31 రాత్రి 11:59" అని రాయండి. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి అది అదే రోజు మధ్యాహ్నం 1:29. ఆఫీసునుంచి వచ్చాక సాయంత్రం పంపుదామనుకున్న తండ్రికి ఈ ఒక్క ముక్కే తేడా చేస్తుంది.

"ప్రకటన తేదీ నుంచి 30 రోజుల్లోగా" అని ఉంటే, 1897 జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ పద్ధతిలో "నుంచి" అన్న మొదటి రోజును వదిలి లెక్కపెడతారు. ఆగస్టు 1న ప్రకటిస్తే మొదటి రోజు ఆగస్టు 2, ముప్పయ్యో రోజు ఆగస్టు 31. షీటులో `=DATE(2025,8,1)+30`, ఒకటి కలపడం, తీయడం లేదు. 2025 ఆగస్టు 31 ఆదివారం వచ్చింది. చివరి రోజు ఆఫీసుకు సెలవైతే మరుసటి పనిరోజు చాలునని అదే చట్టం 10వ సెక్షన్ చెబుతుంది గానీ, అది కేంద్ర చట్టాల కింద కోర్టులో, ఆఫీసులో చేయాల్సిన పనులకు. ట్రస్టుకో, కాలేజీకో దానంతట అది వర్తిస్తుందనుకోకండి. మీ ప్రకటనలో ఏముందో అదే. ఆన్‌లైన్ దరఖాస్తుకు ఆదివారమైనా అదే గడువని మేము ముందే రాశాం. పోస్టులో వచ్చేవాటికి సోమవారం సాయంత్రం 5 దాకా తీసుకున్నాం. పోస్టు కవరు మీద అందిన తేదీ వేసే ముద్రను కూడా నెల పేరు వచ్చేదానికి మార్పించాం. ఇప్పుడు దాని మీద "01 సెప్టెం 2025" అని పడుతుంది.

తిరస్కరణ మెసేజ్ పంపే ముందు

జాబితా తయారయ్యాక తిరస్కరించినవాళ్ల వరుసలు మాత్రం విడిగా తీసి, వాళ్ల అసలు ఫారం తెరిచి ఒక్కొక్కటే చూస్తాం. ఎంపికైనవాళ్ల కంటే ముందు వీళ్లనే. ఎంపికైనవాళ్లు కాగితాలు తెచ్చినప్పుడు ఎలాగూ తప్పు బయటపడుతుంది. తిరస్కరించినవాళ్లు మళ్లీ మన ముందుకు రారు.

మెసేజ్ మాట కూడా మార్చాం. "వయసు అర్హత లేదు" అని కాకుండా ఇలా పంపుతున్నాం: "మా రికార్డులో మీ పుట్టినతేదీ 7 ఏప్రిల్ 2004 అని ఉంది. నిబంధన ప్రకారం 2 జూలై 2004 గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు అర్హులు. మా రికార్డు తప్పయితే వారంలోగా పదో తరగతి సర్టిఫికెట్ ఫొటో ఈ నంబరుకు పంపండి."